మస్సెత్తో అంటే స్లాబు కాదు
స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



ఉద్యోగంలో నేర్చుకున్న సంగతి ఏదైనా ఒకటి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఒకటే అన్నారు కాబట్టి ఒకటే చెబుతాను. అది ఐదు వరుసల నోటీసు గురించి. ఇటలీలో ఒక కట్టడం పని దగ్గర తలుపుకు అంటించిన భద్రతా హెచ్చరిక అది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని నా మీద పడింది. ఐదు వరుసలకు నాకు రెండు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడమే ఈ ప్రసంగం.

ముందు అక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. 2014 చలికాలంలో మేము ఆరుగురం ఉత్తర ఇటలీలో బెర్గామో దగ్గరున్న ఒక ఫ్యాక్టరీకి వెళ్ళాం. మేము కొన్న యంత్రాన్ని ఓడ ఎక్కించేలోపు అక్కడే నడిపి చూసి సంతకం పెట్టాలి. యంత్రం ఉన్న షెడ్డుకు పోవాలంటే రెండంతస్తుల పాత ఆఫీసు భవనంలోంచి పోవాలి. ఆ భవనానికి అప్పుడు మరమ్మతులు నడుస్తున్నాయి. పై అంతస్తులో ఒక భాగం పడగొట్టి కొత్త స్లాబు పోశారు. దాని కింద ఇంకా ఇనుప ప్రాపులు నిలబడే ఉన్నాయి. మిగతా గదుల్లో టైల్స్ వేయడానికి నేల సిద్ధం చేస్తున్నారు. మెట్ల దగ్గర పాత సీలింగు ప్లాస్టరు ఊడదీయాల్సి ఉంది. మేము రోజుకు నాలుగుసార్లు ఆ దారినే నడిచేవాళ్ళం. పనివాళ్ళలో ఇటలీ వాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు రొమేనియా, అల్బేనియా, ఈజిప్టుల నుంచి వచ్చినవాళ్ళు. మేమేమో ఖమ్మం, విశాఖ, మద్రాసు. అందరికీ కాస్తో కూస్తో తెలిసిన భాష ఇంగ్లీషు.

ఇటలీలో 2008లో వచ్చిన 81వ నంబరు శాసనం ఒకటుంది. పనిచోట్ల భద్రత గురించిన నిబంధనలన్నీ అందులో ఉంటాయి. భద్రతా సమాచారం పనివాడికి తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలని, వలస వచ్చినవాడైతే ఆ భాష అతనికి అర్థమవుతుందో లేదో ముందు చూసుకోవాలని అందులో రాసి ఉంది. అందుకని ఆ సైటు భద్రత చూసే ఇంజినీరమ్మ మా దగ్గరికి వచ్చి, ఇంగ్లీషు నోటీసు ఒకసారి చూసిపెట్టమని అడిగింది. అంటే అప్పటికే ఒక ఇంగ్లీషు నోటీసు ఉంది. ఆఫీసులో ఎవరో నిఘంటువు పక్కన పెట్టుకుని రాశారు. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

నిపుణులు కానివారికి ప్రవేశం లేదు. తాజా స్లాబు మీద నడవరాదు. అటక మీద సామాను పెట్టరాదు. ఫినిషింగు కోటు రాలే ప్రమాదం ఉంది. కార్మిక డైరెక్టరు అనుమతి లేకుండా అటకను నిరాయుధం చేయరాదు.

మీరు నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఇందులో నవ్వు వచ్చేది ఐదో వరుస ఒక్కటే. అది చదివినవాడు ఏమీ అర్థం కాక ఇంకెవరినైనా అడుగుతాడు, దానివల్ల పెద్ద ముప్పు లేదు. అసలు ప్రమాదం రెండో వరుసలో, మూడో వరుసలో ఉంది. అవి చక్కగా అర్థమవుతాయి, తప్పుగా అర్థమవుతాయి.

ఇటాలియన్ నాకు రాదు. తెలుగును తూర్పు ఇటాలియన్ అంటారని మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ, మాటలన్నీ అచ్చులతో ముగియడం తప్ప ఆ గర్వం నాకు అక్కడ ఏమీ పనికిరాలేదు. నాకు తెలిసింది కట్టడం పని. అందుకని నిఘంటువు పక్కన పెట్టి, సైటులో జియోమెత్రా అనే ఉద్యోగి ఉంటే ఆయన్ని పట్టుకున్నాను. జియోమెత్రా అంటే నిఘంటువులో రేఖాగణితజ్ఞుడు అని ఉంటుంది. నిజానికి కొలతలు, చిన్న కట్టడాల డిజైను, సైటు పర్యవేక్షణ చేసే డిప్లొమా చదువు మనిషి ఆయన. అరవై దాటిన ఆ పెద్దాయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను ఒక్కో మాట చూపించి, "ఇది ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆయన నన్ను తీసుకెళ్ళి చేత్తో తట్టి చూపించాడు. అర్థం అడగకుండా చోటు అడగడం మంచిదైంది.

మొదటిది మస్సెత్తో. ఆయన ఒక గది గుమ్మం దగ్గర ఆగి నేల చూపించాడు. కింద కాంక్రీటు స్లాబు ఉంది. దాని మీద ఉష్ణం పోకుండా పరిచిన తేలికపాటి పలకలు, వాటి మీద నీళ్ళ గొట్టాలు. ఇవన్నీ కప్పుతూ, సిమెంటు, ఇసుక తక్కువ నీటితో కలిపి, ఐదు సెంటీమీటర్ల మందాన, మట్టం చూసి పరిచిన పొర. దాని మీద టైల్స్ వస్తాయి. ఆ పొర పేరు మస్సెత్తో. ఇంగ్లండు ఇంగ్లీషులో స్క్రీడ్. మన తాపీ మేస్త్రీలు బెడ్డు అంటారు, పాత రోజుల్లో సున్నంతో చేసినప్పుడు గచ్చు అనేవాళ్ళు.

దీన్ని స్లాబు అంటే ఏం కొంప మునిగింది అంటారేమో. ఇంజినీరుకు ఈ రెంటికీ ఉన్నంత తేడా ఇంకెక్కడా లేదు. స్లాబు మోసేది. మస్సెత్తో మోయించుకునేది. స్లాబులో కడ్డీలుంటాయి, గోడ నుంచి గోడకు అది బరువును చేరవేస్తుంది. స్క్రీడులో అవేమీ లేవు. ఐదు సెంటీమీటర్ల స్క్రీడు చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు తూగుతుంది. అంటే స్లాబు నెత్తిన ముందే ఒక మూట పెట్టేసినట్టు. గట్టిపడ్డాక కూడా అది స్లాబుకు సాయం చేసేదేమీ లేదు.

మన ఊళ్ళలో దీనికి దగ్గరి పోలిక ఒకటుంది. పొద్దున్నే నేల అలికి, "తడి అలుకు తొక్కకండిరా" అని మన అమ్మమ్మలు అరిచేవాళ్ళు కదా. తాజా మస్సెత్తో మీద నడవరాదు అన్నది అచ్చంగా ఆ అరుపే. అలుకు నేలకు బలం ఇవ్వదు, నేలను నున్నగా చేస్తుంది. తొక్కితే అలుకు చెడుతుంది తప్ప ఇల్లు కూలదు. కాకపోతే సిమెంటు విషయంలో ఒక తేడా ఉంది. తడి సిమెంటుకు క్షార గుణం ఎక్కువ. అందులో మోకాళ్ళ మీద కూర్చుని పనిచేసినా, బూటులోకి అది దిగినా చర్మం కాలుతుంది. ఆ కాలడం వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత మంట మొదలవుతుంది. కాబట్టి ఆ వరుస పనిని కాపాడటానికీ, కాళ్ళను కాపాడటానికీ కూడా.

ఇంకో చిక్కు, తాజా అనే మాట ఎన్నాళ్ళు? రెండో రోజుకే పైన తెల్లబడి ఎండినట్టు కనిపిస్తుంది. మనిషి తేలిగ్గా నడవడానికి మామూలు వాతావరణంలో రెండు మూడు రోజులు చాలు. లోపలి తేమ పోవడానికి మాత్రం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున లెక్క వేస్తారు, అంటే ఐదు సెంటీమీటర్లకు యాభై రోజులు. మేమున్నది చలికాలం. చలిలో సిమెంటు గట్టిపడటం బాగా మందగిస్తుంది. తొందరపడి నడిస్తే అప్పుడు ఏమీ కనిపించదు. కింద మెత్తటి పలకలు ఉన్నాయి కాబట్టి గది మూలల్లో, గుమ్మం దగ్గర పొర లోపలే విరుగుతుంది. టైల్స్ వేశాక ఆ చోట తడితే బోలుగా మోగుతుంది. అందుకని నోటీసులో తాజా అని ఊరుకోకుండా, ఏ తేదీ దాకా నడవకూడదో రాసేందుకు ఖాళీ ఉంచమన్నాను. ఆ ఖాళీలో జియోమెత్రా పెన్సిలుతో తేదీ వేసేవాడు.

ఇక మూడో వరుసలోని సొలాయో. ఈ మాటకు నిఘంటువులో మొదట కనిపించే అర్థం అటక. ఇంటి పైకప్పు కింద పాత సామాన్లు పడేసే చోటు. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఆ అర్థం సరైనదే. కానీ కట్టడం పనిలో సొలాయో అంటే రెండంతస్తుల మధ్య బరువు మోసే నేల, అంటే మనం స్లాబు అనేది. ఒకే మాట రెండు పనులు చేయడం వింతేమీ కాదు. మన మిద్దె లేదూ? మిద్దె అంటే పైకప్పు, మిద్దె అంటే మేడ ఇల్లు. మనకు సందర్భం తెలుసు కాబట్టి తడబడం.

ఇప్పుడు పాత నోటీసులో రెండు, మూడు వరుసలు కలిపి చదవండి. నడవకూడనిది స్లాబు మీద, సామాను పెట్టకూడనిది అటక మీద. ఆ భవనానికి అసలు అటకే లేదు. అంటే సామాను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సరిగ్గా ఆ వారమే టైల్స్ వచ్చాయి. చెక్క ప్యాలెట్ల మీద పేర్చిన పెట్టెలు, ఒక్కో ప్యాలెట్టు సుమారు వెయ్యి కిలోలు. యూరప్ ప్యాలెట్టు కొలత 1.2 మీటర్లు, 0.8 మీటర్లు. చదరపు మీటరుకు కాస్త తక్కువ. అంటే చదరపు మీటరు మీద వెయ్యి కిలోల పైచిలుకు. ఆఫీసు గదుల నేలను చదరపు మీటరుకు 200 నుంచి 300 కిలోల వాడుక బరువుకు లెక్కగడతారు. మన దగ్గరా ఇళ్ళకు 200 కిలోలే లెక్క. ఒక్క ప్యాలెట్టును గోడ వారగా పెడితే స్లాబు సర్దుకోవచ్చు. నాలుగింటిని పక్కపక్కన గది నడిమధ్య పెడితే? ఆ స్లాబు పాతదైతే? లేదా నిన్నగాక మొన్న పోసినదై ప్రాపుల మీద నిలబడి ఉంటే? తెచ్చిన ఈజిప్టు కుర్రాళ్ళు ఇంగ్లీషు నోటీసు చదివారు కూడా. వాళ్ళు అప్పటికే రెండు ప్యాలెట్లను పై గదిలో దించారు. జియోమెత్రా చూసి అప్పటికప్పుడు కిందికి దింపించాడు. ఏమీ జరగలేదు. జరగకపోవడం ఆయన ఆ సమయానికి మెట్లెక్కడం వల్ల, నోటీసు వల్ల కాదు.

మన తెలుగు మాస్టారు ప్రతి వాక్యాన్నీ కర్త, కర్మ, క్రియ అని విడదీయించేవారు. ఆ గంట ఎప్పుడు అయిపోతుందా అని మనం కిటికీలోంచి చూసేవాళ్ళం. ఆ రోజు నేను చేసింది అదే. ప్రతి వరుసకూ ఎవరు, దేన్ని, ఏం చేయకూడదు అని రాసుకున్నాను. సొలాయో దగ్గరికి వచ్చేసరికి, దేన్ని అనే ప్రశ్నకు జవాబుగా ఆ భవనంలో లేని చోటు వచ్చింది. అనువాదం చెడిందని అక్కడే తెలిసిపోతుంది. నోటీసులో ఉన్న ప్రతి నామవాచకాన్నీ సైటులో వేలుపెట్టి చూపించగలగాలి.

నాలుగోది ఇంతోనకో. దీని కథ వేరు. ఇది ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరుకుతుంది, అదే దీని ముప్పు. ఫ్రెస్కో బొమ్మల గురించి మీరు వినే ఉంటారు. గోడ మీద సున్నపు పూత తడిగా ఉండగానే రంగు వేస్తే, సున్నం గట్టిపడేటప్పుడు రంగును తనలో పట్టి ఉంచుతుంది. చిత్రకారుడు ఒక రోజులో ఎంత బొమ్మ వేయగలడో అంత మేరే పూత వేయించుకునేవాడు. ఆ ముక్కను వాళ్ళు జొర్నాతా అంటారు, ఒక రోజు పని అని. ఆ బొమ్మ కింద చివరగా వేసే సన్నని పూతను కళల పుస్తకాలు ఇంగ్లీషులో కూడా ఇంతోనకో అనే పిలుస్తాయి. నోటీసు అనువదించినవారు ఆ అర్థాన్నే తీసుకుని ఫినిషింగు కోటు అని రాశారు.

సైటులో ఇంతోనకో అంటే మొత్తం ప్లాస్టరు. గోడకు పట్టు కోసం విసిరి కొట్టే మొదటి పొర, మందపాటి రెండో పొర, పైన నున్నటి పొర, అన్నీ కలిపి. తెలంగాణ పల్లెల్లో గిలాబు అంటామే, అది. ఫినిషింగు కోటు రాలుతుందంటే మన మనసులో ఏం వస్తుంది? సున్నం పెచ్చులు నెత్తిన పడి జుట్టు తెల్లబడటం. టోపీ ఉంది కదా అని నడిచిపోతాం. మెట్ల దగ్గర పడబోయేది అది కాదు. రెండు సెంటీమీటర్ల మందం ప్లాస్టరు చదరపు మీటరుకు ముప్పై అయిదు, నలభై కిలోలు ఉంటుంది. సీలింగు నుంచి అది పెచ్చులుగా రాలదు, పలకలాగా ఊడిపడుతుంది.

పైగా ఆ పాత భవనం స్లాబు మనలాంటిది కాదు. కాంక్రీటు పక్కటెముకల మధ్య బోలుగా ఉండే మట్టి ఇటుకలు ఇరికించి పోస్తారు. బరువు తగ్గుతుంది, కాంక్రీటు ఆదా అవుతుంది. ఇటలీలో ఈ పద్ధతి చాలా ఎక్కువ. ఏళ్ళు గడిచాక ఆ ఇటుకల అడుగు పలక విరిగి, ప్లాస్టరుతో సహా ఒక్కసారిగా కింద పడటం అక్కడ తెలిసిన ప్రమాదమే. దానికి వాళ్ళ భాషలో విడిగా ఒక పేరు కూడా ఉంది. జియోమెత్రా పొడుగు కర్ర పట్టుకుని సీలింగును తడుతూ పోయాడు. గట్టిగా అతుక్కున్న చోట టక్ టక్ అంది. విడిపోయిన చోట కుండ మీద కొట్టినట్టు మోగింది. అక్కడక్కడా సన్నటి పగులు, పక్కన తేమ మరక. మన మేస్త్రీలు గోడ తట్టి చూసేదీ ఇలాగే. ఈ విద్యకు అనువాదం అక్కర్లేదు.

ఇంగ్లీషులో ప్లాస్టర్ అని రాయాలా, రెండర్ అని రాయాలా అని ఆ ఇంజినీరమ్మ అడిగింది. ఇంగ్లండులో లోపలి గోడకైతే ప్లాస్టర్, బయటి గోడకైతే రెండర్. ఇటాలియన్‌లో రెంటికీ ఒకటే మాట, మన ఇంగ్లీషులోనూ రెంటికీ ప్లాస్టరే. మెట్లు లోపల ఉన్నాయి, చదివేది మేమూ ఈజిప్టు వాళ్ళూ. ప్లాస్టర్ అని పెట్టాం. దాని ముందు బరువైన అనే మాటా, తర్వాత పైనుంచి అనే మాటా చేర్చాం. ఇటాలియన్‌లో ఆ రెండూ లేవు. అక్కడి మేస్త్రీకి అక్కర్లేదు, మాకు కావాలి.

ఇక నవ్వించిన ఐదో వరుస. దిసార్మో అంటే నిరాయుధీకరణ నిజమే, వార్తాపత్రికలో అయితే. కట్టడంలో అర్మతూరా అంటే కాంక్రీటును ఆసరాగా పట్టుకుని ఉండేది. దాన్ని విప్పడం దిసార్మో. మన మాటలో సెంట్రింగు విప్పడం. సొలాయో దిసార్మో అంటే స్లాబు కింది ప్రాపులు తీయడం. మా దారిలో ఆ ప్రాపులు కాస్త అడ్డంగానే ఉండేవి. యంత్రం భాగాలు ట్రాలీ మీద తీసుకుపోతుంటే ఒక ప్రాపు దగ్గర ప్రతిసారీ ట్రాలీ తిప్పలేక అవస్థపడేవాళ్ళం. మా ఫిట్టరు ఒకతను, మధిర వైపు అబ్బాయి, "సార్, స్లాబు పోసి వారం దాటిందట కదా, ఈ ఒక్క ప్రాపు పక్కకు జరుపుదామా" అని అడిగాడు. అతను తెలివితక్కువగా అడగలేదు. మన ఐఎస్ 456 ప్రమాణంలో నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు ప్రాపులు ఏడు రోజులకు తీయవచ్చని ఉంది. అంతకు మించిన స్లాబుకు పద్నాలుగు రోజులు. ఊళ్ళో ఇల్లు కట్టించిన ప్రతివాడికీ ఈ లెక్కలు నోటికి వచ్చు. కానీ అదే ప్రమాణంలో, గాలి వేడి 15 డిగ్రీలకు తగ్గకుండా ఉంటేనే అని షరతు కూడా ఉంది. భద్రాచలంలో ఆ షరతు మనం ఎప్పుడూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బెర్గామోలో జనవరి ఉదయం గాజు మీద మంచు గీకి కారు తీసేవాళ్ళం. అక్కడ వారం అంటే మన వారం కాదు.

అందుకే ఆ వరుసలో అనుమతి ఇచ్చేది ఎవరన్నది ముఖ్యం. దిరెత్తోరే దెయి లావోరి అని ఉంది. అక్షరాలా పనుల డైరెక్టరు. పాత అనువాదంలో కార్మిక డైరెక్టరయ్యాడు. ఆ పేరు చూస్తే ప్రభుత్వ కార్మిక శాఖ అధికారి అనుకుంటాం. కంపెనీ డైరెక్టరని కూడా అనుకోవచ్చు. ఆయన ఫ్యాక్టరీ యజమానే అయి, "తీసేయండయ్యా" అంటే మనం తీసేస్తాం. అసలు ఆయన కట్టించుకునేవారి తరఫున పనిని పర్యవేక్షించే ఇంజినీరు. మన టెండరు కాగితాల్లో ఇంజినీర్ ఇన్ చార్జ్ అని రాస్తామే, ఆ హోదా. సైటులో పని చేయించే మేస్త్రీని వాళ్ళు కాపో కాంతియేరే అంటారు. ఆ చట్టం ప్రకారం ప్రాపులు తీసేటప్పుడు ఈయన దగ్గర నిలబడి చూసుకోవాలి, కానీ అనుమతి ఇవ్వాల్సింది మాత్రం ఆ ఇంజినీరే. ఇద్దరినీ ఒకటి చేస్తే పని తొందరలో ఉన్నవాడే అనుమతి ఇచ్చేవాడూ అవుతాడు. మేము హోదా పేరుతో పాటు ఆయన పేరూ, ఫోను నంబరూ రాయించాం. హోదా అర్థం కాకపోయినా నంబరు అర్థమవుతుంది.

మధ్యలో ఒక మాట. మన మేస్త్రీ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. అది ఇటలీ మాయెస్త్రోకు చుట్టమే. వాళ్ళు సిమెంటు, ఇసుక కలిపిన ముద్దను మాల్తా అంటారు, మనవాళ్ళు మాలు అంటారు. ఇందులో చుట్టరికం ఉందో లేదో భాషా పండితులు చెప్పాలి. "మాలు" అని నేను అంటే జియోమెత్రా తలూపి బకెట్టు చూపించాడు.

మొదటి వరుసను చివరికి వదిలాను. అద్దెత్తి అయి లావోరి కానివారికి ప్రవేశం లేదు అని ఉంది. అంటే ఆ పనికి నియమించినవారు తప్ప ఇతరులు రాకూడదు. మామూలు మాటల్లో వాళ్ళు ఈ పదబంధాన్నే, ఒక రంగం లోతుపాతులు తెలిసినవాళ్ళు అనే అర్థంలో కూడా వాడతారు. అనువాదంలో అదే దిగి, నిపుణులు కానివారికి ప్రవేశం లేదు అయింది. మేము ఆరుగురం ఇంజినీర్లం, ఫిట్టర్లం. మమ్మల్ని మేము నిపుణులమే అనుకుంటాం, ఈ సభలో ఎవరైనా కాదంటారేమో గానీ. కాబట్టి ఆ నోటీసు మమ్మల్ని ఆపలేదు సరికదా, ఆహ్వానించింది. కొత్త నోటీసులో, ఈ భవనం పనికి పేరు రాయించుకున్నవారు మాత్రమే అని పెట్టి, యంత్రం చూడటానికి వచ్చినవారు పసుపు గీత దాటరాదు అని ఇంకో వరుస కలిపాం. అంతదాకా పసుపు గీత లేదు. అనువాదం కోసం గీత గీయాల్సి వచ్చింది.

నోటీసు తయారయ్యాక పరీక్ష పెట్టాం. చదివి అర్థమైందా అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. మన బడిలో మనమూ అలాగే అనేవాళ్ళం. అందుకని మా మధిర అబ్బాయినీ, ఒక ఈజిప్టు కుర్రాణ్ణీ విడివిడిగా పిలిచి, "ఈ వరుస ప్రకారం నువ్వు ఎక్కడ అడుగు పెట్టవో, దేన్ని ముట్టుకోవో చూపించు" అన్నాం. ఇద్దరూ ప్రాపులు సరిగ్గా చూపించారు, సీలింగు చూపించారు. స్క్రీడ్ దగ్గర మా అబ్బాయి ఆగిపోయాడు. ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. విన్న ఇంకొకతను, స్క్రీడ్ అంటే మట్టం చేసే పొడుగు కర్ర అన్నాడు. అదీ నిజమే, ఇంగ్లీషులో ఆ కర్రకూ ఆ పేరుంది. నిఘంటువు ప్రకారం మస్సెత్తోకు సరైన ఇంగ్లీషు మాట స్క్రీడే. సరైన మాట చదివేవాడికి తెలియకపోతే ఏం చేయాలి? తీసేస్తే ఇంగ్లీషు తెలిసిన ఇంజినీర్లు తికమకపడతారు. చివరికి, స్క్రీడ్, స్లాబు మీది తడి సిమెంటు పొర, నడవరాదు అని మూడు ముక్కలుగా రాశాం. వరుస పొడుగైంది. పొడుగు నోటీసు ఎవరూ చదవరని ఇంజినీరమ్మ అభ్యంతరం చెప్పింది, అది న్యాయమైన అభ్యంతరమే. అందుకని పక్కన ఎర్ర వలయంలో అడ్డగీత కొట్టిన బూటు బొమ్మ పెట్టింది.

బొమ్మ ఒక్కటే పెడితే చాలదా అని మీలో కొందరు అనుకుంటున్నారు. బొమ్మ నడవకు అని చెబుతుంది. ఎక్కడ, ఎన్నాళ్ళు, ఎవరిని అడగాలి అనేవి చెప్పదు. గోదావరి నీళ్ళు వస్తున్నాయి అని బొమ్మ వేస్తే మనకేం తెలుస్తుంది? భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో అది 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. మన వైపు ఏ ఊళ్ళోనైనా 53 అనే మాట వింటే చాలు, బియ్యం మూటలు పైకి ఎక్కుతాయి. ఇంట్లో కోయ మాట్లాడే మన తరగతి పిల్లలకూ ఆ అంకె అర్థమయ్యేది, ఆ హెచ్చరిక వాక్యాల్లో తెలుగు ఎంత బరువుగా ఉన్నా. వాళ్ళకు బడిలో పుస్తకం తెలుగులో, పెద్దయ్యాక ఫ్యాక్టరీ గేటు మీద నోటీసు ఇంగ్లీషులో. ఇంటి భాషలో ఒక్క హెచ్చరికా లేదు. బెర్గామోలో అల్బేనియా మేస్త్రీ పరిస్థితీ అదే. రెండుసార్లు భాష మారి వచ్చిన మాటను పట్టుకుని అతను స్లాబు కిందికి నడవాలి.

మూడో రోజున కొత్త నోటీసు అంటించారు. ప్యాలెట్లు ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో గళ్ళు గీశారు, కింది అంతస్తులో, మట్టి మీద వేసిన నేల మీద. మెట్ల దగ్గరి ప్లాస్టరును శనివారం మేము లేనప్పుడు కొట్టి దింపారు. సోమవారం చూస్తే తట్టల కొద్దీ పోగు పడి ఉంది. కొన్ని ముక్కల వెనక ఎర్రటి ఇటుక పలక అతుక్కుని ఉంది. మా దారికి అడ్డున్న ప్రాపు మాత్రం మేము తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంది. ట్రాలీ ప్రతిసారీ తిప్పుకుంటూనే పోయాం.